మెరుగు పెట్టిన స్ప్రింగులు

గోదావరిఖని బొగ్గు జల్లెడ ప్లాంటులో స్ప్రింగులు పదిరోజులకొకసారి విరిగేవి. ఆ రోజుల్లో అక్కడ అంత ఠంచనుగా జరిగే పని ఇంకొకటి లేదు.

గనుల్లోంచి వచ్చిన బొగ్గును పెళ్ళలు వేరు, పొడి వేరు చేసే ఇనుప జల్లెడ అది. లారీ తొట్టెంత ఉంటుంది. ఎనిమిది ఉక్కు పట్టీల మీద నిలబడి నిమిషానికి మూడువందల సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ పట్టీలనే స్ప్రింగులంటారు. మూరెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, పెన్సిలంత మందం. జల్లెడ ఊగినప్పుడల్లా అవి ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతాయి. రెండు షిఫ్టులు కలిపితే రోజుకు దాదాపు మూడు లక్షల ఊపులు. పదో రోజుకో పదకొండో రోజుకో ఏదో ఒక పట్టీ ఠప్పున విరుగుతుంది. జల్లెడ ఆగుతుంది. కింద బొగ్గు కోసం నిలబడ్డ రైలు డబ్బాలు నిలబడ్డట్టే ఉంటాయి. రామగుండం స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. ఫోను రాగానే ఆఫీసులో ఒక ఫైలు లేస్తుంది.

ఆ ఫైలు ఏళ్ళ తరబడి లావెక్కింది. ఒక ఇంజనీరు ఉక్కు మార్చమన్నాడు. ఇంకొక ఇంజనీరు పట్టీ మందం పెంచమన్నాడు. పెంచితే బిగుసుకుపోయి నాలుగు రోజులకే విరిగింది. మూడో ఇంజనీరు జల్లెడ ముందు కొబ్బరికాయ కొట్టించి, ఆ కాయ చక్కగా రెండు సమానమైన ముక్కలైందని ఫైల్లో రాశాడు. పట్టీలు కూడా అదే విధంగా చక్కగా రెండు ముక్కలవుతూ వచ్చాయి.

ఆ పట్టీలను కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నని సెగ మీద పదును సరిచేసి ఇచ్చేవాడు వర్క్‌షాపులో కమ్మరి నర్సింగం. పట్టీ విరిగిన ప్రతిసారీ మొదటి మాట అతనికే. డెబ్బై ఒకటిలో రైల్వే వారి స్ప్రింగుల కార్ఖానాకు ఆరు నెలల ట్రైనింగుకు ఒకరిని పంపమని ఉత్తరం వస్తే, ఇంటి తిండి వదిలి వెళ్ళడానికి అర్హులెవరూ ఒప్పుకోలేదు. అందుకని అర్హత లేదని అందరూ అనుకునే నర్సింగాన్ని పంపారు.

ఆ ఆరు నెలల్లో నర్సింగం ఒక వింత చూశాడు. అక్కడ పదును పెట్టిన కొత్త స్ప్రింగులను ఒక ఇనుప గదిలో పెట్టి, వాటి మీదికి ఆవగింజలంత ఉక్కు గుండ్లను గాలి జోరుతో కొడుతున్నారు. నున్నటి ఉక్కు మీద లక్షల సొట్టలు. మొదటిరోజు అతనికి ప్రాణం ఉసూరుమంది. మంచి ఉక్కును చేజేతులా పాడుచేస్తున్నారనుకున్నాడు. నెల గడిచాక తన చేత్తో కొట్టిన స్ప్రింగు పరీక్ష యంత్రం మీద మామూలు దానికి పదింతలు ఆడటం చూసి, అక్కడి ముసలి మేస్త్రీ వెంటపడి సంగతంతా అడిగి తెలుసుకున్నాడు.

తిరిగి వచ్చి తన దోస్తు, జల్లెడ ప్లాంటు ఫోర్‌మన్ బిక్షానికి చెప్పాడు. బిక్షం నమ్మలేదు.

"సొట్టలు వడ్డంక పట్టి గట్టివడుతదా? నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా బావా?"

"గట్టివడుడు కాదు. మొన్న మంచిర్యాల పాసింజర్ల పోయినం గద. డబ్బల జనం కిక్కిరిసి ఉన్నరు. ఇద్దరి నడుమ చెయ్యి దూర్చి సందు చేస్తే అయ్యిందా?"

"యాడైతది? ఊపిరే ఆడలే."

"గంతే మరి. గుండు తాకినకాడ ఉక్కు పైతోలు సాగి పక్కకు జరగాలనుకుంటది. కింది ఉక్కు సాగలే, అది జరగనియ్యది. పైతోలు ఇర్కున వడ్డది. ఎవ్వడు బరువు వెట్టకముందే దాని మీద దానికి వత్తిడి ఉన్నది. పగులు ఎప్పుడైనా పైతోలుకాన్నే మొదలైతది, వంగినప్పుడు లాగుడు ఎక్కువ ఆడనే. లాగుడు వచ్చి ముందుగాల ఆ ఇర్కును ఊడగొట్టాలె. ఊడినంక మిగిలింది ఏమన్న ఉంటెనే పగులు నోరు తెరుస్తది."

"మరి లోపల?"

"లోపల కొంచెం లాగుడు ఉంటది. పైన నొక్కుడు ఉంటె లోపల లాగుడు ఉండాలె, లేకుంటె లెక్క సరిపోదు. కానీ లోపల గీతలుండయి, గాట్లుండయి, వంగుడు గూడ తక్కువ. ఆడ అది తట్టుకుంటది."

బిక్షం తలూపాడు. పాసింజరు బండి సంగతి అతనికి బాగా తెలుసు.

వర్క్‌షాపులో పోత ఇనుము శుభ్రం చేసే పాత గాలిగది ఒకటి ఉండనే ఉంది. గనులకు కావలసినంత గాలి మిషన్లు కూడా ఉన్నాయి. లేనిది గుండ్లే. నర్సింగం 'ఉక్కు గుండ్లు, రెండు బస్తాలు' అని రాసి ఇచ్చాడు. స్టోరు గుమాస్తా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, చెమటలు పట్టి, ఎర్ర సిరాతో రాశాడు: 'తుపాకీ సామాను మన స్టోరులో ఉండదు. పోలీసు శాఖ లైసెన్సు జతపరచవలెను.' ఇవి తుపాకీలోకి కాదని నమ్మించడానికి నాలుగు నెలలు పట్టింది. హైదరాబాదు నుంచి గుండ్లు వచ్చాక కూడా ఆ గుమాస్తా ఆ బస్తాల దగ్గర బీడీ కాల్చనిచ్చేవాడు కాదు.

నర్సింగం పట్టీలను రెండు వైపులా కొట్టాడు. పగిలిపోయిన గుండ్లను రోజూ జల్లించి పారేశాడు, వాటి వాడి అంచులు గాట్లు పెడతాయని. డెబ్బై రెండు ఆగస్టులో ఎనిమిది పట్టీలూ బిగించారు. పది రోజులు గడిచాయి. ఇరవై గడిచాయి. దసరా పోయింది. శివరాత్రి పోయింది. ఒక్కటీ విరగలేదు. రామగుండం నుంచి ఫోను రాక ఆఫీసులో ఆ ఫైలు మీద దుమ్ము పట్టింది. పట్టీ విరిగినప్పుడు మీటింగు పెట్టిన వాళ్ళెవరూ, విరగనందుకు మీటింగు పెట్టలేదు.

అప్పుడు వర్క్‌షాపుకు కొత్త మేనేజరు లక్ష్మీనరసింహ వచ్చాడు.

మంథనివాడు. మంచి చదువు, మంచి మాట, తెల్ల చొక్కా. చెడ్డవాడు కాడు. కానీ ఆయనకు కళ్ళతో చూసిందే తెలుసు. ఏ మిషను బాగుందో తెలుసుకోవడానికి ఆయన దాని మీద వేలితో రాసి, వేలును చూసుకునేవాడు. వచ్చిన నెలలోనే వర్క్‌షాపు గోడలకు నీలం, కిటికీలకు పసుపు, ఇసుక బకెట్లకు ఎరుపు వేయించాడు. బకెట్లలో ఇసుక లేదన్న సంగతి రంగులో కనబడలేదు.

ఏప్రిల్ ఆఖరులో హెడ్డాఫీసు నుంచి పెద్దదొర తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. లక్ష్మీనరసింహ జల్లెడ ప్లాంటుకు వెళ్ళి అన్నీ చూస్తూ, పట్టీల దగ్గర ఆగిపోయాడు. బిక్షం నర్సింగాన్ని పిలిపించాడు.

"ఏందయ్యా ఇది? అమ్మవారు పోసిన మొఖం లెక్క ఉన్నది" అన్నాడు మేనేజరు.

"సార్, అది మేమే కొట్టినం. గుండ్లతోని."

"కావాలని కొట్టిన్రా?"

"అవ్ సార్. గట్ల కొట్టినంకనే తొమ్మిది నెలల సంది ఇరగలే."

లక్ష్మీనరసింహ జాలిగా నవ్వాడు. "చూడు నర్సింగం. నున్నగున్న దాని మీద పగులు పుట్టదు, గరుకు దాని మీద పుడుతది. ఇది కాలేజీల మొదటి సంవత్సరంలనే చెప్తరు. వీటిని సాన పట్టించు. అద్దం లెక్క ఉండాలె. తర్వాత వెండి రంగు పూయించు."

"నున్నగుంటె మంచిదే సార్, నేను కాదంట లేను. కానీ దీని బలమంత పైతోలుల ఉన్నది. గోటి మందం గూడ లేదు. సాన పడితె ఆ తోలే పోతది. పోయిందే కాక, సాన వేడికి పైన లాగుడు వస్తది. అది ఇంక అధ్వానం."

"వేడికి లాగుడెట్ల వస్తదయ్యా? వేడికి ఇనుము పెరుగుతది."

"పెరగాలనుకుంటది సార్, కింద చల్లటి ఉక్కు పెరగనియ్యది. వేడి మీద మెత్తగున్నది గద, నలిగి పొట్టిదైతది. చల్లారినంక చూస్తె దాని జాగకు అది సాలదు. డప్పు మీద పచ్చితోలు ఆరినట్టు, గుంజుకొని ఉంటది. గుంజుకొని ఉన్నదాన్ని మళ్ళ వంచితె ఎన్నొద్దులు ఉంటది?"

డప్పు అనగానే మేనేజరు మొహం చిన్నబోయింది. ఇంజనీరింగులోకి డప్పు రావడం ఆయనకు నచ్చలేదు.

"నేను చెప్పింది చెయ్యి."

"చేస్త సార్. కాయితం మీద రాసియ్యుండ్రి."

లక్ష్మీనరసింహకు రాయడమంటే ఇష్టం. అక్కడికక్కడే రాశాడు: 'జల్లెడ స్ప్రింగుల ఉపరితలము అసహ్యముగా నున్నందున, రూప సౌందర్యార్థము సాన పట్టించి, నున్నగా చేసి, వెండి రంగు వేయవలెను.' కింద సంతకం, తేదీ. నర్సింగం ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళి భార్య ఐలవ్వకు ఇచ్చి బియ్యం డబ్బాలో దాయమన్నాడు.

"ఏందిది?" అన్నది ఆమె.

"పాము కరిచినప్పుడు చూపించేది."

సాన పట్టేది బుచ్చన్న. అతనికి పని మీద కోపం లేదు, మొగమాటం లేదు. సాన చక్రం మీద పట్టీని ఆనించి నిప్పురవ్వలు రేపాడు. నీళ్ళు పోసే గొట్టం ఎన్నడో ఎండిపోయింది. పట్టీలు అక్కడక్కడ నీలం తిరిగాయి. నర్సింగం పక్కన నిలబడి చూశాడు. తొమ్మిది నెలలు ఊగినా చెక్కుచెదరని తోలు నేల మీద బూడిదగా రాలుతుంటే కొడుకుకు గుండు కొట్టిస్తున్నట్టుంది అతనికి. కాదు, గుండు కొట్టిస్తే జుట్టు మళ్ళీ వస్తుంది.

"జర మెల్లగ పట్టు బుచ్చన్నా, నీలమైతున్నది."

"నీలమైతె ఏందే, వెండి రంగు వేస్తుండ్రు గద. ఎవనికి కనవడుతది?"

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన మెరిసే పట్టీలు బిగించారు. తనిఖీ మే ఒకటిన. అంటే మూడు రోజులు. ఆ మూడు రోజులూ అవి ఆగుతాయని నర్సింగం కూడా అనుకున్నాడు. కానీ పెద్దదొర ప్రయాణం వాయిదా పడింది. ఒకసారి కాదు, రెండుసార్లు. చివరికి మే ఏడు ఖాయమైంది. నర్సింగం వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. రోజుకు మూడు లక్షల చొప్పున ఇరవై ఏడు లక్షల ఊపులు. పాత పట్టీలు ముప్ఫై లక్షలకు పోయేవి. ఇవి వాటికంటే అధ్వానం. ఆరో తారీఖున మేనేజరు గది ముందు నిలబడ్డాడు.

"సార్, రేపు పెద్దదొర అచ్చినప్పుడు జల్లెడ ఆపి చూపెట్టుండ్రి. నడుస్తుండంగ దగ్గరికి పోనియ్యకుండ్రి."

"ఆగిన జల్లెడను చూడనీకి ఆయన హైదరాబాదు సంది వస్తున్నడా?" అన్నాడు లక్ష్మీనరసింహ. "నీ నోట ఎప్పుడూ విరుగుడు మాటే."

మర్నాడు రామగుండం ఎండ ఎట్లా ఉందంటే, ఇనుప మెట్ల కటకటాలు పట్టుకుంటే చెయ్యి ఊడొచ్చేట్టుంది. పెద్దదొర తెల్ల బూట్లతో, వెనక పద్నాలుగు మంది ఆఫీసర్లతో వచ్చాడు. నీలం గోడలు చూశాడు, పసుపు కిటికీలు చూశాడు. జల్లెడ దగ్గర ఆగాడు. వెండి పట్టీలు ఎండలో తళతళలాడుతూ ఊగుతున్నాయి.

"భేష్" అన్నాడు. "ఏ స్ప్రింగు చూసినా ఇట్ల ఉండాలె."

లక్ష్మీనరసింహ చేతులు కట్టుకున్నాడు. దండ వేసేదుంటే మెడ వంచడానికి సిద్ధంగా ఉన్నాడు.

నర్సింగం జల్లెడను చూడటం లేదు, వింటున్నాడు. దాని చప్పుడులో ఎడమ మూల ఒక కొత్త చప్పుడు కలిసింది. టక్, టక్. బిక్షం కూడా తలెత్తాడు. పెద్దదొర సరిగ్గా ఆ మూల దగ్గరే వంగి, మెరుగును మునివేలితో చూపిస్తున్నాడు.

నర్సింగం పద్నాలుగు మంది మధ్యలోంచి దూసుకుపోయి పెద్దదొర జబ్బ పట్టి వెనక్కి లాగాడు. "బిక్షం, ఆపు!" అని అరిచాడు. బిక్షం ఆపే తాడు గుంజాడు. అప్పటికే ఒక పట్టీ తుపాకీ పేలినట్టు విరిగింది. దాని బరువు పక్కదాని మీద పడింది, అదీ పోయింది. ఆ మూలలో రెండూ పోయేసరికి జల్లెడ ఒరిగింది. పెద్దదొర నిలబడ్డ చోట అరలారీ బొగ్గు గుమ్మరించినట్టు పడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుమ్ము అణిగాక చూస్తే పద్నాలుగు మంది ఆఫీసర్లూ గని కూలీల రంగులో ఉన్నారు. ఆ పూట ఎవరు ఎవరికి సలాం కొట్టాలో కాసేపు తెలియలేదు.

పెద్దదొర మొదట తన బూట్లు చూసుకున్నాడు. తర్వాత తన జబ్బ మీద అయిదు నల్లటి వేళ్ళ ముద్రలు చూసుకున్నాడు.

"వీడెవడు?" అన్నాడు.

సాయంత్రానికి నర్సింగం మీద చార్జిషీటు తయారైంది. నేరాలు రెండు. ఒకటి, స్ప్రింగులకు పదును సరిగా పెట్టకపోవడం. రెండు, తనిఖీ అధికారిని చేయి పట్టి లాగడం. రెండోదే పెద్ద అక్షరాలతో ఉంది.

విచారణ కమిటీకి అధ్యక్షుడు వామనరావు. రిటైరు కావడానికి ఏడాది ఉన్న గనుల రక్షణాధికారి. ఆయనదీ మంథనే. అది విని లక్ష్మీనరసింహ ఊపిరి పీల్చుకున్నాడు. బిక్షం ఊపిరి బిగబట్టాడు.

కమిటీ వర్క్‌షాపులోనే కూర్చుంది. లక్ష్మీనరసింహ అరగంట మాట్లాడాడు. ఉక్కు, కమ్మరి పని నాణ్యత, కార్మికుల్లో బాధ్యత తగ్గడం, దేశ పరిస్థితి. తాను చెప్పింది కేవలం శుభ్రం చేయమనే అన్నాడు.

నర్సింగం బియ్యం డబ్బాలోంచి వచ్చిన కాగితం ఇచ్చాడు. దానికింకా రెండు నూకలు అంటుకుని ఉన్నాయి. వామనరావు కళ్ళజోడు సర్దుకుని 'రూప సౌందర్యార్థము' అన్న చోట కాసేపు ఆగాడు.

"సాన పడితె ఇరుగుతయని నీకు ముందే తెలుసంటున్నవు. ఎట్ల తెలుసు?" అని అడిగాడు.

"చెప్తె నమ్మరు సార్. చూపిస్త."

నర్సింగం రెండు సన్నటి ఉక్కు పట్టీలు తీశాడు. అరచెయ్యంత పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, రెండూ ఒకే ముక్కలోంచి కోసి, ఒకే పదును పెట్టినవి. కమిటీ చేత గాజు బల్ల మీద పెట్టించి చదునుగా ఉన్నాయని ఒప్పించాడు. ఒక్కోదాన్ని మందమైన ఇనుప దిమ్మెకు మరలతో బిగించాడు. మొదటిదాన్ని గాలిగదిలో పెట్టి పై వైపు గుండ్లు కొట్టించాడు. రెండోదాన్ని బుచ్చన్నకిచ్చాడు.

"మొన్న ఎట్ల పట్టినవో గట్లనే పట్టు. నీలమైనా ఫికర్ లేదు."

బుచ్చన్న మొదటిసారిగా మొగమాటపడ్డాడు. అయినా పట్టాడు.

రెండు దిమ్మెలూ బల్ల మీదికి వచ్చాయి. బిగించి ఉన్నంతసేపూ రెండూ చదునుగానే ఉన్నాయి. ఒకటి గరుకుగా, మసకగా. ఇంకొకటి తళతళా.

"ఇప్పుడు మరలిప్పుండ్రి సార్. మీరే ఇప్పుండ్రి."

వామనరావు మొదటిదాని మరలు విప్పాడు. విప్పగానే అది విల్లులా పైకి లేచింది. గుండ్లు తగిలిన వైపు ఉబ్బింది. రెండోదాని మరలు విప్పాడు. అది తిరగబడి వంగింది. సాన పట్టిన వైపు గుంటపడి, రెండు కొసలూ పైకి లేచాయి.

వామనరావు రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుని మార్చి మార్చి చూశాడు.

"వీటి మీద ఎవ్వరు బరువు పెట్టలేదు గదా" అన్నాడు తనలో తానే అన్నట్టు.

"లేదు సార్. లోపల మిగిలిపోయిన వత్తిడే వంచింది. గుండ్ల దానికి పైతోలు సాగాలని చూస్తది, అందుకే ఉబ్బింది. సాన దానికి పైతోలు ముడుసుకోవాలని చూస్తది, అందుకే గుంటవడ్డది. లావు పట్టీల గూడ గిదే ఉంటది, మందం ఎక్కువ గద, కంటికి అంతగ కనవడదు. జల్లెడకు కనవడుతది."

తర్వాత విరిగిన పట్టీ ముక్క చూపించాడు. విరిగిన ముఖం మీద, సాన పట్టిన అంచు దగ్గర, నత్తగుల్ల మీద గీతల్లాంటి వంపుగీతలు. ఒక చిన్న నీలి మచ్చ దగ్గర మొదలై లోపలికి పాకాయి. మిగిలిన కొంచెం భాగం మాత్రం ఒక్కసారిగా చినిగినట్టు గరుకుగా ఉంది.

"తొమ్మిది రోజులు మెల్లమెల్లగ పాకింది సార్. ఆఖరుకు మిగిలింది గింతే. పెద్దదొర వచ్చిండని ఇరగలే. అది దాని టైముకే ఇరిగింది. దొరనే లేటుగ వచ్చిండు."

వామనరావు మీసాల్లో ఏదో కదిలింది. లక్ష్మీనరసింహ కిటికీ పసుపును చూస్తున్నాడు.

కమిటీ రిపోర్టు వారానికి వచ్చింది. వామనరావు సంగతంతా సరిగానే అర్థం చేసుకున్నాడు. కానీ ఏడాదిలో రిటైరయ్యే మనిషి, రిటైరయ్యాక ఉండబోయేది మంథనిలో, అదీ లక్ష్మీనరసింహ పినతండ్రి ఇంటి పక్కన. రిపోర్టులో తప్పంతా కర్మణి వాక్యాల్లోకి పోయింది. స్ప్రింగులు సాన పట్టబడ్డాయి. ఉపరితలం తొలగించబడింది. ఎవరిచేత అన్నది ఎక్కడా లేదు. కారణం: అవశేష ఒత్తిడి. సిఫార్సు: ఇకమీదట అన్ని స్ప్రింగులకూ గుండ్లు కొట్టవలెను, తర్వాత సాన పట్టరాదు. మొదటి నేరం నుంచి నర్సింగానికి విముక్తి. రెండో నేరం, అంటే పెద్దదొర ప్రాణం కాపాడటం, రుజువైంది. అయిదు వేళ్ళ ముద్రలున్న చొక్కాను ఆధారంగా జతపరిచారు. శిక్ష మూడు రోజుల సస్పెన్షన్.

"నిన్ను దండించినందుకు నాకూ మంచిగ లేదు" అన్నాడు వామనరావు, నర్సింగాన్ని పక్కకు పిలిచి.

"మీకు మంచిగ లేకుంటె నాకేమొస్తది సార్?" అన్నాడు నర్సింగం. అంత మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. వామనరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

లక్ష్మీనరసింహ రిపోర్టు చదివాడు. అందులో ఆయనకు ఒక్క మాటే పట్టుబడింది. మర్నాడే నోటీసు బోర్డు మీద సర్క్యులరు అంటించాడు: 'మన వర్క్‌షాపులో అవశేష ఒత్తిడి ఉన్నట్లు కమిటీ కనుగొన్నది. నెలాఖరులోగా ప్రతి సెక్షనూ తమ తమ అవశేషములను పూర్తిగా తొలగించి రిపోర్టు చేయవలెను.' ఊడ్చే సెక్షను వాళ్ళు రెండు రోజుల్లోనే తొలగించామని రాసిచ్చారు.

సస్పెన్షన్ రెండో రోజు. నర్సింగం ఇంటి కప్పు మీద పెంకులు సర్దుతున్నాడు. కోపం చల్లారలేదు. పెంకు పెట్టిన ప్రతిసారీ ఒక మాట అంటున్నాడు. కింద ఐలవ్వ పెంకులు అందిస్తూ, ఆ మాటలన్నీ తనను కాదని తెలిసి ఊరుకుంటోంది. వాకిట్లో జీపు ఆగింది. బిక్షం దిగాడు, వెనకాలే లక్ష్మీనరసింహ దిగాడు. తెల్ల చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

"నర్సింగం, జర కిందికి దిగు" అన్నాడు మేనేజరు.

"సస్పెన్షన్ల ఉన్న సార్. మీరు ఈడికి రావద్దు, నేను ఆడికి రావద్దు."

బిక్షం చెప్పుకొచ్చాడు. కొత్త పట్టీలకు పదును పెట్టారు. గాలిగదిలో గుండ్లు కొట్టారు. బయటికి తీస్తే ఎనిమిదికి ఎనిమిదీ కొంచెం వంగి ఉన్నాయి. బిగించబోతే రంధ్రాలు కలవడం లేదు. కొలిమిలో ఎర్రగా కాల్చి చదును చేద్దామని, దాంతో అవశేషం కూడా పోతుందని మేనేజరుగారు అంటున్నారు. తాను కొలిమి తలుపుకు అడ్డం నిలబడి, నర్సింగాన్ని అడిగిందాకా ముట్టుకోనివ్వనన్నాడు. జల్లెడ ఆగి పది రోజులు దాటింది. రామగుండం నుంచి పదకొండు ఫోన్లు.

నర్సింగం కప్పు మీదే గొంతుక్కూర్చున్నాడు. నవ్వు ఆపుకోవడానికి పెంకు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎన్ని దిక్కుల కొట్టిన్రు?"

"పై దిక్కు" అన్నాడు లక్ష్మీనరసింహ.

"ఒక్క దిక్కేనా?"

"కనబడేది అదే కదా."

"కొలిమిల పెట్టకుండ్రి సార్. పెడితె కొట్టిన ఇర్కంత ఊడిపోతది, పదును గూడ పోతది. మళ్ళ మొదటికే."

"మరి ఎట్ల చెయ్యాలె?"

"చెప్తె పని చేసినట్టైతది. సస్పెన్షన్ల పని చేస్తె ఇంకో చార్జిషీటు."

ఐలవ్వ తలుపు చాటు నుంచి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎండ నెత్తి మీద ఉంది. లక్ష్మీనరసింహ ఒకసారి బిక్షాన్ని చూశాడు, ఒకసారి జీపును చూశాడు. ఆయన జేబులోంచి పెన్ను తీయడం నర్సింగం చాలాసార్లు చూశాడు కానీ, ఇంత నెమ్మదిగా తీయడం ఎప్పుడూ చూడలేదు. జీపు బానెట్ కాలుతోంది. ఆయన చేతిరుమాలు పరిచి, దాని మీద కాగితం పెట్టి సస్పెన్షన్ రద్దు చేస్తున్నట్టు రాశాడు. బిక్షం పైకి అందించాడు. నర్సింగం చదివాడు.

"తేదీ వెయ్యలే సార్."

మళ్ళీ కిందికి పోయింది, తేదీతో పైకి వచ్చింది.

"తిప్పి రెండో దిక్కు గూడ అంతే సేపు కొట్టుండ్రి" అన్నాడు నర్సింగం. "రెండు దిక్కుల నొక్కుడు సమానమైతె పట్టి అదే చదునుకు వస్తది. పట్టీ రెండు దిక్కుల వంగుతది గద, రెండు దిక్కుల ఇర్కు ఉండాలె."

"అంతేనా?" అన్నాడు లక్ష్మీనరసింహ.

"అంతే సార్."

ఆ ఒక్క మాట కోసం తాను ఆ ఎండలో అంతసేపు నిలబడ్డానని ఆయనకు అప్పుడు అర్థమైంది. నర్సింగం నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని వచ్చి జీపులో ముందు సీట్లో కూర్చున్నాడు. అది మేనేజరు సీటు. లక్ష్మీనరసింహ వెనక బిక్షం పక్కన సర్దుకున్నాడు.

ఆ రోజు రెండో షిఫ్టు ముగిసేలోపు జల్లెడ ఊగింది. మరుసటి ఏడాది వేసవిలో కూడా అవే పట్టీలు ఊగుతున్నాయి. ఆ వేసవికి లక్ష్మీనరసింహ ప్రమోషన్ మీద ఇంకా పెద్ద వర్క్‌షాపుకు వెళ్ళాడు. స్ప్రింగుల సమస్యను పరిష్కరించిన ఇంజనీరని ఆయన కాగితాల్లో ఉంది. వీడ్కోలు సభలో ఆయన అవశేష ఒత్తిడి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తప్పుల్లేకుండానే మాట్లాడాడు, పాసింజరు బండి పోలిక కూడా చెప్పాడు. వెనక వరసలో కూర్చున్న నర్సింగం బిక్షం వైపు చూశాడు.

"నేర్సుకున్నడు బావా" అన్నాడు బిక్షం.

"నేర్సుకోనీ" అన్నాడు నర్సింగం. "అక్కడ గూడ జల్లెడలుంటయి."

టీ తాగి, మిగిలిన రెండు బిస్కెట్లు ఐలవ్వకని జేబులో వేసుకుని, గాలిగదిలో గుండ్లు జల్లించడానికి వెళ్ళిపోయాడు.